నూతన గృహానికి నామకరణం – నామఫలకం

తెలుగులో ‘ఇంటిపేరు’ అంటే వంశనామం. ‘ఇంటి పేరు’ అంటే గృహనామం. సోలాపూర్ సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట వంటి నేతపేటలలో ఈ రెండూ ఒకే ఫలకంపై, తరచుగా రెండు లిపులలో కనిపిస్తాయి. పెద్దలు తెలుగు చదువుతారు. మరాఠీ మాధ్యమంలో చదివిన మనుమలు ఇంట్లో తెలుగు మాట్లాడినా దేవనాగరినే సులభంగా చదువగలరు. తపాలా బంట్వానికీ దేవనాగరియే అలవాటు. అందువలన పేరును ఎంచుకొనేటప్పుడే అది రెండు లిపులలో ఎట్లు పలుకుతుందో పరిశీలించడం మంచిది.

ఒక కుటుంబం తమ వృత్తిని స్మరిస్తూ ‘నేత నిలయం’ అని పేరు పెట్టదలచిందని అనుకుందాం. మరాఠీలో పదాంతంలోని అకారాన్ని సాధారణంగా పలుకరు. కనుక ‘నేత’ను ఉన్నది ఉన్నట్లు దేవనాగరిలో వ్రాస్తే దానిని ‘నేత్’ అని చదువుతారు. ఆ లోపాన్ని సవరించడానికి చివర దీర్ఘం చేరిస్తే ‘నేతా’ అవుతుంది. మరాఠీలో ఆ మాటకు నాయకుడని అర్థం. నేతగాని ఇల్లు కాస్తా రాజకీయ నాయకుని నివాసంగా మారిపోతుంది!

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, రెండు భాషలలోనూ ఒకే అర్థమిచ్చే మార్కండేయ, ఆనంద వంటి మాటను ఎంచుకోవడం. రెండవది, దేవనాగరి పంక్తిలో శబ్దానికి బదులు అర్థాన్ని నిలిపి, ‘విణకర్ నివాస్’ అని వ్రాయించడం. అయితే రెండవ మార్గంలో ఇంటికి రెండు పేర్లు ఏర్పడతాయి. ఉత్తరాలకు, బంధువులకు ఇచ్చే చిరునామాలో వాటిలో ఏదో ఒకదానినే ఎల్లప్పుడూ వాడాలి.

వంశనామం విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. ‘గాజుల’ను దేవనాగరిలో వ్రాస్తే ‘గాజుల్’ అని చదువుతారు; దీర్ఘం పెడితే ‘గాజులా’ అవుతుంది. ఇంట్లో ఒకరి పత్రాలలో ఒక రూపం, మరొకరి పత్రాలలో మరొక రూపం ఉంటే, ఫలకంపై మూడవ రూపాన్ని చేర్చకూడదు. దేవనాగరి పంక్తిని ఆస్తిపన్ను బిల్లులో ఉన్న వర్ణక్రమం ప్రకారమే వ్రాయించాలి. తెలుగు పంక్తిలో అసలు ఉచ్చారణను నిలుపుకోవచ్చు. పేర్ల వరుస కూడా భిన్నమే: తెలుగులో వంశనామం ముందు వస్తుంది, మరాఠీలో వ్యక్తి పేరు, తండ్రి పేరు తరువాత చివర వస్తుంది. ఏ పంక్తిలో ఆ భాష సంప్రదాయాన్నే పాటించడం ఉచితం.

ఫలకంపై ఎవరి పేరు ఉండాలన్నది కుటుంబం కలిసి నిర్ణయించుకోవలసిన విషయం. సోదరులు కలిసి కట్టిన ఇంటిపై ఒక్కరి పేరే ఉంటే మనస్పర్థలు రావచ్చు. తల్లిదండ్రుల పేరో, వంశనామం మాత్రమేనో వ్రాయించడం అందుకే వాడుకలో ఉంది. ఫలకంపై పేరు ఉన్నంత మాత్రాన యాజమాన్య హక్కు రాదు, లేనంత మాత్రాన పోదు. హక్కును నిర్ణయించేవి పత్రాలే. అట్లే గృహనామం ఇంటి నంబరుకు ప్రత్యామ్నాయం కాదు. ఒకే పేటలో ఒకే దేవుని పేరు గల ఇళ్లు అనేకం ఉండవచ్చు. రాత్రివేళ అంబులెన్సుకు దారి చూపేది నంబరే. కనుక దానిని పేరుతో పాటు స్పష్టంగా చెక్కించాలి.

ముందు గదిలో దుప్పట్ల విక్రయమో, కుట్టుపనియో సాగుతుంటే, దాని బోర్డు వేరు, నివాసపు ఫలకం వేరు. దుకాణాల, వ్యాపార సంస్థల బోర్డుపై మరాఠీ పేరు దేవనాగరిలో ఉండాలనీ, ఆ అక్షరాలు ఇతర లిపుల అక్షరాలకన్న చిన్నవి కారాదనీ మహారాష్ట్ర చట్టం నిర్దేశిస్తున్నది. ఆ నియమం వ్యాపారపు బోర్డుకు సంబంధించినది.

ఇక చెక్కే పని. తెలుగు తెలియని శిల్పి అక్షరాన్ని బొమ్మగా చూచి చెక్కుతాడు. మ, య అక్షరాలు తారుమారైతే ‘నిలయం’ ‘నిలమం’ అవుతుంది. ప, వ, ష అక్షరాలలోను, ద, ధ అక్షరాలలోను చిన్న గీతయే భేదం. ‘పద్మ’ వంటి మాటలో ఒత్తు పంక్తి క్రిందికి దిగుతుంది; క్రింది పంక్తి మరీ దగ్గరగా ఉంటే అది దేవనాగరి శిరోరేఖను తాకుతుంది. పంక్తుల నడుమ అక్షరపు ఎత్తులో కనీసం సగమైనా ఖాళీ విడిపించాలి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అన్నది బోర్డుల పనిలో సాధారణ లెక్క. ఇరవై అడుగుల వీధికి రెండంగుళాల అక్షరం సరిపోతుంది.

రాయి చెక్కిన తరువాత దిద్దుబాటు ఉండదు. కనుక ముందుగా అసలు కొలతలోనే కాగితంపై అచ్చు తీయించి, గోడకు అంటించాలి. తెలుగు చదివే పెద్దవారొకరు, మరాఠీ మాత్రమే చదివే పొరుగువారొకరు వీధి అవతల నుండి దానిని పైకి చదవాలి. ఇద్దరి నోటా కుటుంబం కోరిన మాటే వినిపించిన తరువాతనే ఆ కాగితంపై సంతకం చేసి శిల్పికి ఇవ్వాలి.