ఎలక్ట్రాన్లకు లెక్క చెప్పాలి

ఆమ్లం కలిపిన ఫెర్రస్ ద్రావణంలో ఊదా రంగు పర్మాంగనేట్‌ను చుక్కలుగా వేస్తే ఆ రంగు ఇట్టే పోతుంది. ఈ చర్యను తుల్యం చేయమని వర్క్‌షీట్‌లో ఇస్తే చాలామంది పిల్లలు ఇలా రాసి ఊరుకుంటారు:

MnO₄⁻ + Fe²⁺ + 8H⁺ → Mn²⁺ + Fe³⁺ + 4H₂O

పరమాణువులు లెక్కపెట్టండి, అన్నీ సరిపోతాయి. అయినా ఇది తప్పే. ఆవేశాలు కూడితే ఎడమవైపు +9, కుడివైపు +5 వస్తాయి. మాంగనీస్ అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంది, ఇనుము ఇచ్చింది ఒక్కటే. మిగతా నాలుగు ఎక్కడివి? ఈ లెక్క తేల్చడానికే అర్ధచర్యల పద్ధతి. ఇచ్చేవాళ్ల పద్దు, పుచ్చుకునేవాళ్ల పద్దు విడివిడిగా రాసి, తర్వాత కలుపుతాం.

ఇనుము పద్దు చిన్నది. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంది, అంతే:

Fe²⁺ → Fe³⁺ + e⁻

మాంగనీస్ దగ్గరే నిదానంగా నడవాలి. MnO₄⁻ → Mn²⁺ అని మొదలుపెడతాం. మాంగనీస్ రెండు వైపులా ఒకటే ఉంది. ఎడమవైపున్న నాలుగు ఆక్సిజన్ల కోసం కుడివైపు నాలుగు నీటి అణువులు చేర్చాలి. వాటితో వచ్చిన ఎనిమిది హైడ్రోజన్లకు ఎడమవైపు 8H⁺ రాయాలి. ఎలక్ట్రాన్ల వంతు ఆ తర్వాతే. ఇప్పుడు ఎడమవైపు ఆవేశం −1, +8 కలిసి +7. కుడివైపు +2. కాబట్టి ఎడమవైపు అయిదు ఎలక్ట్రాన్లు పడాలి:

MnO₄⁻ + 8H⁺ + 5e⁻ → Mn²⁺ + 4H₂O

ఈ వరుస తప్పితే ఏమవుతుందో చూడండి. H⁺ చేర్చకముందే −1ని, +2ని పోల్చి చూసినవారికి కుడివైపు మూడు ఎలక్ట్రాన్లు వస్తాయి. అంటే పర్మాంగనేట్ ఎలక్ట్రాన్లు ఇస్తున్నట్టు! ఆక్సీకరణి ఎలక్ట్రాన్లు ఇవ్వదు కదా, తప్పు అక్కడే పట్టుబడుతుంది. మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య +7 నుంచి +2కు దిగిందని గుర్తుచేసుకున్నా అయిదే అని తేలుతుంది.

ఇక ఇనుము అర్ధచర్యను 5తో గుణించి రెండూ కలిపితే ఎలక్ట్రాన్లు పూర్తిగా కొట్టుకుపోతాయి:

MnO₄⁻ + 5Fe²⁺ + 8H⁺ → Mn²⁺ + 5Fe³⁺ + 4H₂O

ఇప్పుడు రెండు వైపులా ఆవేశం +17. జవాబులో ఒక్క e⁻ మిగిలినా ఎక్కడో గుణకారం తప్పిందని అర్థం.

ఆ 5 మార్కుల కోసమే కాదు. మోర్ లవణంతో అంశమాపనం చేసేటప్పుడు ఒక మోల్ పర్మాంగనేట్‌కు అయిదు మోల్‌ల ఇనుము అని లెక్కకడతాం. మొదటి తప్పు సమీకరణాన్ని నమ్మితే ద్రావణంలో ఉన్న ఇనుములో అయిదో వంతే లెక్కలోకి వస్తుంది.

ఇదంతా ఆమ్ల యానకంలో మాట. ఆమ్లం చాలకపోతే Mn²⁺ బదులు గోధుమరంగు MnO₂ ఏర్పడి ద్రావణం మడ్డిగా మారుతుంది. అప్పుడు మాంగనీస్ తీసుకునేవి మూడే ఎలక్ట్రాన్లు. అందుకే ప్రశ్నలో ఇచ్చిన ఉత్పన్నం ఏమిటో, యానకం ఏమిటో చూశాకే పెన్ను కదపాలి.