సంగీతం లేని సస్పెన్స్: స్క్రిప్టులోనే శబ్దాలు

సంగీత దర్శకుణ్ణి పెట్టుకునే స్తోమత లేని సస్పెన్స్ లఘుచిత్రంలో ఉత్కంఠ పెంచే పని కథలోని వస్తువుల శబ్దాలే చేయాలి. ఏ శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో స్క్రిప్టులోనే రాసుకోవాలి. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎం’ చిత్రానికి నేపథ్య సంగీతం లేదు. హంతకుడు ఈలగా వేసే గ్రీగ్ బాణీయే అతని రాకను పట్టిస్తుంది.

రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉన్న యువతి కథ తీసుకుందాం. మొదటి పేజీలో ఆమె పక్కగది ఫ్యాన్ ఆపి వచ్చి పడుకుంటుంది. ‘తలపై ఫ్యాన్ కిర్రుమంటుంది, ఆమె పట్టించుకోదు’ అని రాయాలి. మూడో పేజీలో కరెంటు పోతుంది. కిర్రు నెమ్మదించి ఆగాక, ఆ నిశ్శబ్దంలో గడియ కదిలిన చప్పుడు వినిపిస్తుంది. చివర కరెంటు వచ్చాక పక్కగది ఫ్యాన్ కూడా తిరుగుతున్న శబ్దం వస్తుంది. దాని స్విచ్ ఆమె వేయలేదు. మొదట్లో ఫ్యాన్ ఆపడం చూపకపోతే ఈ ముగింపు ప్రేక్షకుడికి అందదు.

షూటింగులో ఫ్యాన్ తిరుగుతుండగా మాటలు రికార్డు చేస్తే, ప్రతి కట్ దగ్గరా కిర్రు తెగి ఎగుడుదిగుడుగా వినిపిస్తుంది. అందుకే ఫ్యాన్ ఆపి సంభాషణలు తీసుకుని, కిర్రును విడిగా రెండు నిమిషాలు రికార్డు చేయాలి. ఖాళీ గది నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం తీసుకోవాలి. కరెంటు పోయిన సన్నివేశంలో అది లేకపోతే, శబ్దమే పోయిందని ప్రేక్షకుడు పొరబడతాడు.