క్లయింట్ ప్రెజెంటేషన్‌కి ముందు రిహార్సల్: ఎప్పుడు, ఎవరు, ఎన్ని నిమిషాలు?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "రిహార్సల్ చేశాం సర్, అయినా టైమ్ సరిపోలేదు, ఎందుకు?" ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఐదుగురి టీమ్. గురువారం రాత్రి 7:30కి డాలస్‌లోని క్లయింట్‌తో వీడియో కాల్, గంటసేపు. గంట ఉంది కదా అని గంటకీ మాటలు సిద్ధం చేసుకోకూడదు. 20 నిమిషాలు ప్రశ్నలకి వదిలేస్తే మనకి మిగిలేది 40. పరిచయానికి 3, క్లయింట్ సమస్యకి 7, మన పరిష్కారానికి 14, డెమోకి 10, ధరకి 6.

రిహార్సల్ మంగళవారమే పెట్టుకోండి. బుధవారం రాత్రి పెడితే తప్పులు కనిపిస్తాయి గానీ దిద్దుకోవడానికి టైమ్ ఉండదు. క్యాలెండర్‌లో రెండు గంటలు బ్లాక్ చేయండి. మొదటి గంట అసలు కాల్ లాగే ఆపకుండా నడపాలి, రెండో గంట సరిదిద్దుకోవడానికి.

మాట్లాడే ఐదుగురు కాకుండా ఇంకో ఇద్దరు కావాలి. ఒకరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఏ భాగం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో రాస్తారు. రెండోవారు క్లయింట్ పాత్ర. ఈయన మన ప్రాజెక్ట్‌తో సంబంధం లేని మనిషైతేనే మంచిది. ఫైనాన్స్‌లోంచి ఒకర్ని కూర్చోబెట్టండి, "ఈ ఖర్చు ఎందుకు?" అని మొహమాటం లేకుండా అడుగుతారు.

ఇప్పుడు స్టాప్‌వాచ్ ఏం చెప్పిందో చూద్దాం. పరిచయం 7, సమస్య 9, పరిష్కారం 18, డెమో 13. అంటే 47 అయిపోయాయి. పైగా మనిషి మారినప్పుడల్లా "నా స్క్రీన్ కనిపిస్తోందా అండి?" అంటూ అర నిమిషం. నాలుగు సార్లకి 2 నిమిషాలు. ధర మాట మొదలయ్యేసరికి 49వ నిమిషం! నిర్ణయం తీసుకునే పెద్దాయన 45కే ఇంకో మీటింగ్‌కి వెళ్లిపోతే, ధర ఎవరికి చెబుతాం?

చాలామంది ఇక్కడ "కొంచెం స్పీడ్‌గా మాట్లాడదాం" అంటారు. అది కుదరదండి, మన యాస కొత్తగా వినేవాళ్లకి అసలే అర్థం కాదు. స్లైడ్లే తీసేయాలి. కంపెనీ చరిత్ర స్లైడ్లు నాలుగూ చివరికి పంపేస్తే పరిచయం మూడుకి వస్తుంది. పరిష్కారంలో లోతైన టెక్నికల్ బొమ్మలు ఎవరైనా అడిగితే చూపిద్దాం. డెమోలో లాగిన్ అయ్యి, డేటా లోడ్ అయ్యేదాకా ఎదురుచూడ్డానికే మూడు నిమిషాలు పోతున్నాయి, కాల్‌కి ముందే తెరిచి పెట్టుకోండి. నెట్ మొరాయిస్తే చూపించడానికి రికార్డింగ్ ఒకటి ఉంచుకోండి. స్క్రీన్ షేర్ మొత్తం ఒక్కరి చేతిలోనే ఉంటే ఆ 2 నిమిషాలూ మిగులుతాయి.

బుధవారం మొత్తం మళ్లీ చేయక్కర్లేదు. మార్చిన భాగాలు, ఒకరి నుంచి ఇంకొకరికి మాట అందించే చోట్లు, ఇవి మాత్రం స్టాప్‌వాచ్ పెట్టి ఇంకోసారి నడపండి. డెమో మళ్లీ 10 దాటితే అందులో ఇంకో స్క్రీన్ తీసేయండి, ధరకి ఉంచిన 6 నిమిషాల జోలికి మాత్రం వెళ్లొద్దు.