వజ్రమే... కానీ ఎక్కడ పుట్టింది?

నగల దుకాణంలో ఉంగరం చూపించి, పెన్ను లాంటి చిన్న పరికరాన్ని రాయికి ఆనిస్తారు. అది ‘బీప్’ మంటుంది. ‘‘చూశారుగా, ఒరిజినల్ డైమండ్ అండీ’’ అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ కొనేవాళ్లకు తెలియాల్సింది అందులో సగమే ఉంది.

ఆ పెన్ను కొలిచేది ఒక్కటే: రాయి వేడిని ఎంత వేగంగా లాక్కుంటోందని. గాజు, మనం అమెరికన్ డైమండ్ అనే రాళ్లు అక్కడే దొరికిపోతాయి. ల్యాబ్‌లో పెంచిన వజ్రం మాత్రం దర్జాగా పాసవుతుంది. ఎందుకంటే అదీ నిజమైన వజ్రమే. అదే కార్బన్, అదే గట్టిదనం, అదే మెరుపు. పక్కపక్కన పెట్టి చూస్తే అనుభవం ఉన్న వ్యాపారి కూడా కంటితో తేల్చలేడు.

తేడా అంతా పుట్టుకలో ఉంది. గని వజ్రం భూమిలోపల 150 కిలోమీటర్లకు పైగా లోతున, చాలావరకు వంద కోట్ల ఏళ్లకు ముందే తయారైంది. ల్యాబ్ వజ్రం కొన్ని వారాల్లో పెరుగుతుంది. సూరత్‌లో ఎక్కువగా వాడే సీవీడీ పద్ధతిలో పలుచని వజ్రపు పలకను గదిలో ఉంచి, మీథేన్, హైడ్రోజన్ వాయువులను విపరీతంగా వేడెక్కిస్తారు. విడివడిన కార్బన్ ఆ పలక మీద పొరపొరగా పేరుకుంటుంది. హెచ్‌పీహెచ్‌టీ అనే రెండో పద్ధతిలో కరిగిన లోహంలో, భారీ ఒత్తిడి కింద వజ్రాన్ని పెంచుతారు.

గుట్టు విప్పేది నైట్రోజన్. గని వజ్రాల్లో నూటికి 95కు పైగా రాళ్లలో కొద్దిపాటి నైట్రోజన్ ఉంటుంది. భూగర్భపు వేడికి కోట్ల ఏళ్లలో ఆ పరమాణువులు జంటలుగా, గుంపులుగా చేరతాయి. వారాల్లో పెరిగిన రాయికి అంత వ్యవధి ఉండదు. గుంపులు కట్టిన నైట్రోజన్ ఒక రకం అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. తెల్లని ల్యాబ్ వజ్రంలోంచి అవి దూసుకుపోతాయి. స్క్రీనింగ్ మెషీన్లలో చాలా వాటికి ఇదే ఆధారం.

ఇక్కడో చిక్కుంది. గని వజ్రాల్లోనూ నూటికి ఒకటి రెండు దాదాపు నైట్రోజన్ లేకుండానే పుడతాయి. కృష్ణా తీరాన కొల్లూరు వంటి గనుల్లో దొరికిన పేరుమోసిన గోల్కొండ వజ్రాలు చాలా వరకు ఈ కోవలోవే. కోహినూర్ కూడా అంతే. అందుకే మెషీన్ అలాంటి రాయిని ‘ల్యాబ్‌ది’ అని తేల్చేయదు, ‘ఇంకా పరీక్షించాలి’ అంటుంది. అప్పుడు పెద్ద పరీక్షశాలలో రాయిని వెలిగించి, అది పెరిగిన తీరును చూస్తారు. సీవీడీ రాయిలో సన్నని చారలు కనిపిస్తాయి. హెచ్‌పీహెచ్‌టీ రాయిలో ముక్కలు అతికినట్టున్న ఆకారాలు బయటపడతాయి.

ఇక ధర. 2018లో డీబీర్స్ సంస్థ తన లైట్‌బాక్స్ బ్రాండ్ మీద ల్యాబ్ వజ్రాన్ని క్యారెట్ 800 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టినప్పుడు అదే చవక అన్నారు. తర్వాత ఉత్పత్తి పెరిగేకొద్దీ మార్కెట్ ధర ఇంకా పడిపోయింది. 2025లో ఆ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది. గని వజ్రాల ధరలూ ఇటీవల తగ్గాయి. కానీ తవ్వి తీయగలిగేదానికి హద్దుంది, మెషీన్లు పెంచుకుంటూ పోవడానికి లేదు.

తిరిగి అమ్మేటప్పుడు దీని ప్రభావం తెలుస్తుంది. లెక్క కోసం, బంగారం, మజూరీ పక్కనపెట్టి, ఒక క్యారెట్ గని రాయి 4 లక్షలు, అదే నాణ్యత ల్యాబ్ రాయి 40 వేలు అనుకుందాం. గని రాయిని బయటి వ్యాపారికి అమ్మితే సగం వచ్చినా బాగా వచ్చినట్టే. అంటే 2 లక్షల నష్టం. ల్యాబ్ రాయిని చాలామంది అసలు కొనరు, ఉంగరంలోని బంగారానికే డబ్బిస్తారు. కొత్త రాయి అంతకంటే చవగ్గా దొరుకుతుంటే పాతది ఎందుకు కొంటారు? శాతంలో చూస్తే ల్యాబ్ రాయిదే పెద్ద నష్టం, రూపాయల్లో గని రాయిది. రెండూ పెట్టుబడి కావు. ముచ్చటపడి పెట్టుకోవడానికైతే ల్యాబ్ వజ్రం చక్కని బేరం. కూతురి పెళ్లికో, అవసరానికో అక్కరకొస్తుందని కొనేవాళ్లకు మాత్రం బంగారమే నయం.

కొనేముందు సర్టిఫికెట్‌తోనే ఆగకండి. రాయి నడుము అంచున లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో దాన్ని చూపించమనండి. ల్యాబ్ వజ్రమైతే ఆ మాట, లేదా నంబరు ముందు ఎల్‌జీ అక్షరాలు సాధారణంగా ఉంటాయి. అయితే గని వజ్రపు నంబరును ల్యాబ్ రాయి మీద చెక్కిన మోసాలూ బయటపడ్డాయి. కాబట్టి నంబరుతో పాటు బరువు, కొలతలు సర్టిఫికెట్‌తో సరిపోవాలి. రాయిని నగలో బిగించకముందే ఈ పని సులువు. ఆవగింజంత రాళ్లకు విడిగా సర్టిఫికెట్లు ఉండవు, కల్తీ జరిగే అవకాశం అక్కడే ఎక్కువ. వాటిని స్క్రీనింగ్ చేశారా అని అడగండి. బిల్లులో రాయి గనిదో ల్యాబ్‌దో, దాని ధర ఎంతో, తిరిగిస్తే ఎంత శాతం ఇస్తారో రాయించుకోండి. నోటిమాటగా చెప్పిన బైబ్యాక్ ఐదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.