పండుగ రాకముందే యాడ్స్ బడ్జెట్ కరిగిపోకుండా

విజయవాడలో ఒక చీరల దుకాణం ఉందనుకుందాం. ముప్పై రోజుల నెల, 20వ తేదీన పండుగ. గూగుల్‌లోనూ, మెటా వారి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ ప్రకటనల కోసం యజమాని ఆ నెలకు 3,54,000 రూపాయలు పక్కన పెట్టారు. 18 శాతం జీఎస్టీ పోతే ప్రకటనలకు దక్కేది 3 లక్షలు. ఈ రెండు వేదికల డ్యాష్‌బోర్డుల్లో కనిపించే ఖర్చులో జీఎస్టీ కలవదు. అందుకని ఇక్కడి లెక్కంతా 3 లక్షల మీదే నడవాలి.

ఆ డబ్బుని రోజులకు సమానంగా పంచితే లాభం లేదు. చీరలు కొనేవాళ్లు పండుగకు ముందు పది రోజుల్లోనే ఎక్కువగా వెతుకుతారు. అందుకే దుకాణం ప్లాన్ ఇలా ఉంది. 1 నుంచి 9 వరకు రోజుకు 6,000, 10 నుంచి 19 వరకు రోజుకు 18,000, 20 నుంచి నెలాఖరు వరకు మళ్లీ రోజుకు 6,000. మొత్తం సరిగ్గా 3 లక్షలు. అందులో సగం గూగుల్‌కి, సగం మెటాకి.

ఇప్పుడు కావలసింది ఒక హెచ్చరిక. ఖర్చు ఈ ప్లాన్ కంటే ముందుకు పరుగెడితే, డబ్బు ఇంకా చేతిలో ఉండగానే ఫోన్‌కి కబురు రావాలి. యాడ్స్ నడిపేవాళ్లు దీన్ని పేసింగ్ అలర్ట్ అంటారు. ఇందులో అసలు పని మెసేజ్ పంపడం కాదు, ఖర్చును దేనితో పోల్చాలో సరిగ్గా తేల్చుకోవడం.

వేదికల హద్దులు వేరు, మన హద్దు వేరు

రోజువారీ బడ్జెట్ పెట్టాం కదా, అది దాటదులే అని చాలామంది ధీమాగా ఉంటారు. నిజానికి ఆ అంకె సగటు మాత్రమే. గూగుల్ ఏదో ఒక రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు చేయగలదు. నెల మొత్తం మీద రోజువారీ బడ్జెట్‌కు 30.4 రెట్లు మించి వసూలు చేయనని మాత్రం మాట ఇస్తుంది. 365 రోజులను 12 నెలలకు పంచితే వచ్చే అంకె అది. మెటా లెక్క వారానికి. ఒక రోజు 75 శాతం దాకా ఎక్కువ ఖర్చు పెట్టవచ్చు, కానీ ఆదివారం నుంచి శనివారం వరకు చూస్తే ఏడు రోజుల బడ్జెట్‌ను మించదు. వెతికేవాళ్లు ఎక్కువగా ఉన్న రోజు ఎక్కువ చూపించి, తక్కువగా ఉన్న రోజు తగ్గించుకోవడానికే ఈ వెసులుబాటు.

అంటే ఒక్క రోజు ఖర్చు పెరిగినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ హద్దులు ఆ వేదికలో మనం పెట్టిన బడ్జెట్లకు మాత్రమే వర్తిస్తాయి. గూగుల్‌కి మెటా ఖర్చు తెలియదు, మెటాకి గూగుల్ ఖర్చు తెలియదు. యజమాని పక్కన పెట్టిన 3 లక్షల సంగతి రెండింటికీ తెలియదు. రెంటినీ కలిపి చూసే లెక్క దుకాణం వైపే ఉండాలి.

ఆరో తేదీన ఏం జరిగింది

5వ తేదీ రాత్రికి ప్లాన్ ప్రకారం 30,000 ఖర్చు కావాలి, 30,600 అయింది. అంతా సవ్యంగానే ఉంది. 6న కొత్త ఫొటోలు పెట్టడానికి మెటాలో ఉన్న క్యాంపెయిన్‌కి ఒక కాపీ తీశారు, కానీ పాతదాన్ని ఆపడం మరిచిపోయారు. రోజుకు 3,000 చొప్పున రెండు క్యాంపెయిన్లూ నడుస్తున్నాయి. అదే రోజు గూగుల్‌లో వెతుకులాట పెరిగి, అక్కడా ఖర్చు ఎగబాకింది.

ఆ రాత్రికి గూగుల్ 5,200, మెటా 5,800 ఖర్చు చేశాయి. 6,000 కావలసిన చోట 11,000 అయింది. అయినా ఏ వేదికా తన నియమం తప్పలేదు. గూగుల్ 3,000కు రెట్టింపు అయిన 6,000 లోపే ఉంది. మెటా కూడా రెండు క్యాంపెయిన్ల బడ్జెట్ లోపే ఉంది. అందుకే ఏ డ్యాష్‌బోర్డులోనూ ఎర్ర గుర్తు కనిపించదు.

మొదటి రోజు నుంచి కలిపితే ఖర్చు 41,600. ప్లాన్ ప్రకారం 36,000 కావాలి. 5,600 రూపాయలు, అంటే దాదాపు 16 శాతం ముందుకు పోయాం. అదే 3 లక్షలను ముప్పైతో భాగించి, రోజుకు పదివేలు అని పెట్టుకున్నవాళ్లకు ఈ 41,600 ఎలా కనిపిస్తుందో చూడండి. ఆరు రోజులకు 60,000 కావాలి కాబట్టి ఇంకా 18,400 వెనకబడి ఉన్నామని అర్థం వస్తుంది. ఖర్చు ఇంకాస్త పెంచమని కూడా ఎవరో ఒకరు అంటారు. అంకె ఒక్కటే, పోల్చిన గీత తప్పయితే తీర్పు తారుమారవుతుంది.

రాత్రి దాకా ఆగనక్కర్లేదు

రోజు ముగిశాక తెలిస్తే ఆ రోజు డబ్బు ఎలాగూ పోయినట్టే. అందుకే గంటగంటకూ చూసే ఏర్పాటు చేసుకుంటారు. గూగుల్ యాడ్స్‌లోని స్క్రిప్టులను గంటకోసారి నడిచేలా పెట్టవచ్చు. మెటా అంకెలను దాని ఏపీఐ నుంచి తీసుకుని, రెంటినీ ఒకే షీటులో కలుపుతారు.

అయితే మధ్యాహ్నం రెండింటి ఖర్చును రోజంతటి బడ్జెట్‌తో పోలిస్తే ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. గత కొన్ని వారాల లెక్క తీసి, ఏ గంటకు రోజు ఖర్చులో ఎంత వంతు అవుతోందో ముందే తెలుసుకోవాలి. మన దుకాణంలో మధ్యాహ్నం రెండింటికి 40 శాతం, సాయంత్రం ఆరింటికి 65 శాతం అవుతుందనుకుందాం. 6న రెండింటికి 2,400 కావలసింది 4,400 అయింది. నెల మొదటి నుంచి చూస్తే 32,400 బదులు 35,000, అంటే 8 శాతం ఎక్కువ. ఆరింటికి 3,900 కావలసింది 7,200 అయింది. మొత్తంలో 33,900 బదులు 37,800. తేడా 3,900, దాదాపు పదకొండున్నర శాతం.

10 శాతం దాటడం, 3,000 రూపాయలు దాటడం, రెండూ కలిస్తేనే మెసేజ్ వెళ్లాలని పెట్టుకుంటే, అది ఆ సాయంత్రం ఆరింటికి వెళ్తుంది. రెండు షరతులూ ఎందుకంటే, ఒకటో తేదీ ఉదయం వంద కావలసిన చోట రెండు వందలు అయితే శాతం లెక్కన నూరు శాతం ఎక్కువ, డబ్బు లెక్కన ఏమీ లేదు. అలాంటి వాటికి కూడా ఫోన్ మోగితే నాలుగు రోజుల్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. అదే కారణంతో, ఒకసారి పంపాక తేడా ఇంకా పెరిగితే తప్ప మళ్లీ పంపకూడదు.

మెసేజ్‌లో “బడ్జెట్ దాటింది” అని మాత్రమే ఉంటే చాలదు. ఎంత తేడా, అందులో ఏ వేదిక వాటా ఎంత, నిన్నటికీ ఇవాళ్టికీ ఏ క్యాంపెయిన్‌లో ఖర్చు మారింది అన్నవి కనిపించాలి. ఇక్కడ గూగుల్ పెరుగుదల పాత క్యాంపెయిన్‌లోదే, బడ్జెట్ మార్చకుండా ఉంటే తర్వాతి రోజుల్లో సర్దుకోవచ్చు. మెటాలో మాత్రం నిన్న లేని క్యాంపెయిన్ ఒకటి కొత్తగా కనిపిస్తుంది. అది తనంతట తాను తగ్గదు. రోజుకు 2,800 చొప్పున 9వ తేదీ వరకు 11,200 తినేస్తుంది. నెలాఖరు దాకా ఎవరూ చూడకపోతే 25 రోజులకు 70,000. అది దాదాపు నాలుగు పండుగ రోజుల బడ్జెట్.

కాబట్టి చేయాల్సింది ఆ అదనపు క్యాంపెయిన్ ఒక్కదాన్నే ఆపడం. కంగారులో అన్ని బడ్జెట్లూ ఒకేసారి బాగా తగ్గిస్తే మెటాలో లెర్నింగ్ దశ మళ్లీ మొదలుకావచ్చు, బాగా నడుస్తున్న ప్రకటనలు కూడా దెబ్బతింటాయి.

లెక్కే తప్పుదారి పట్టే చోట్లు

ముందుగా చూడాల్సింది ఖాతా టైమ్‌జోన్. రెండు ఖాతాల్లో ఒకటి అమెరికా పసిఫిక్ సమయంలో తెరిచి ఉంటే, దాని రోజు మనకు మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలవుతుంది. రెండు ఖాతాల “ఇవాళ”నూ అలాగే కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు. గంటల లెక్క తీసుకుని మన సమయానికి మార్చి కలపాలి.

ఇంకొకటి అంకె రూపం. గూగుల్ ఏపీఐ ఖర్చును `cost_micros` అన్న పేరుతో, రూపాయిలో పదిలక్షో వంతుల్లో ఇస్తుంది. దాన్ని 10,00,000తో భాగించాలి. మెటా నేరుగా రూపాయల్లోనే ఇస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం మౌనం. మెటా అంకెలు తెచ్చే యాక్సెస్ టోకెన్‌కు గడువు తీరితే అక్కడి నుంచి ఏమీ రాదు. షీటులో ఆ ఖాళీని సున్నాగా తీసుకుంటే ఖర్చు తగ్గినట్టు, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. అంకె రాకపోవడం వేరు, ఖర్చు లేకపోవడం వేరు. కొన్ని గంటలు డేటా రాకపోతే దానికీ ఒక హెచ్చరిక ఉండాలి.

పండుగ పది రోజుల్లో

10వ తేదీన దుకాణం గూగుల్ బడ్జెట్‌ను 3,000 నుంచి 9,000కు పెంచుతుంది. నెల మధ్యలో బడ్జెట్ మారిస్తే గూగుల్ నెల హద్దును మళ్లీ లెక్క కడుతుంది. కొత్త బడ్జెట్‌ను మిగిలిన 21 రోజులతో హెచ్చవేసి, 1,89,000 దాకా ఖర్చు చేయవచ్చని అనుకుంటుంది. 20న మనం మళ్లీ తగ్గిస్తామని దానికి తెలియదు. అందుకని పండుగ రోజుల్లో రోజుకు 18,000 దాకా పోయినా, తర్వాత తగ్గించుకుందామనే దాని లెక్క. ఆ తగ్గించుకునే రోజులు రాకముందే మనం బడ్జెట్ కోసేస్తాం. ఎక్కువైంది ఎక్కువైనట్టే ఉండిపోతుంది. సగటు మీద గూగుల్ ఇచ్చిన మాట మనకు అక్కరకు రాని రోజులు ఇవే.

10 శాతం గీత కూడా ఇక్కడ చాలదు. 10న గూగుల్ 9,000 బదులు 15,000 ఖర్చు చేసిందనుకోండి. ఆ రాత్రికి మొత్తం ప్లాన్ 72,000 కాబట్టి 6,000 తేడా 8 శాతమే అవుతుంది, ఫోన్ మోగదు. 19 నాటికి ప్లాన్ మొత్తం 2,34,000. అందులో 10 శాతం అంటే 23,400, ఒక పండుగ రోజు మొత్తం బడ్జెట్ కంటే ఎక్కువ. నెల గడిచేకొద్దీ అదే శాతం ఇంకా ఇంకా పెద్ద మొత్తాన్ని చూడకుండా వదిలేస్తుంది. కాబట్టి 10వ తేదీ నుంచి శాతాన్ని పక్కన పెట్టి, తేడా 5,000 రూపాయలు దాటగానే మెసేజ్ వచ్చేలా మార్చాలి.

అలా మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఖర్చు తగ్గించాలనేం లేదు. ఆ రోజు అమ్మకాలు కూడా అదే స్థాయిలో పెరిగి ఉంటే, పండుగ రోజు నుంచి నెలాఖరు వరకు పదకొండు రోజులకు దాచిన 66,000లో కొంత ముందుకు జరుపుకోవచ్చు. అప్పుడు ప్లాన్ షీటులోని అంకెలు కూడా అదే రోజు మార్చాలి. లేకపోతే మర్నాటి నుంచి హెచ్చరిక యజమాని వద్దనుకున్న పాత ప్లాన్‌తోనే ఖర్చును పోలుస్తూ ఉంటుంది.