స్కూపులో ఐస్‌క్రీమెంత? గాలెంత?

ఐస్‌క్రీమును మనం కొనేది కొలతలో. కాలరీల లెక్క చెప్పుకునేది తూకంలో. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా చిన్నదేమో అనుకుంటాం గానీ, ఒక్కోసారి అది సగానికి సగం ఉంటుంది. అరలీటరు డబ్బా మీద '500 మి.లీ.' అని పెద్ద అక్షరాలతో వేస్తారు. దాని వెనుక ఉన్న పోషక విలువల పట్టికలో '100 గ్రాములకు' అనో '100 మి.లీ.కు' అనో చిన్న అక్షరాలతో వేస్తారు. మన దేశపు లేబుల్ నిబంధనల ప్రకారం రెండూ చెల్లుతాయి. హాస్టల్లో ఒక మిత్రుడు 100 మి.లీ. కప్పు తిని, పట్టికలో 100 గ్రాములకు ఇచ్చిన అంకె చదివి, 'ఇంత తినేశానా!' అని రాత్రి భోజనం మానుకున్నాడు. నిజానికి అతడు తిన్నది అందులో సగమే.

ఈ పొరపాటు ఎందుకు వస్తుందో చెప్పడం తేలిక. మనకు పాలతో అలవాటు. లీటరు పాలు 1,030 గ్రాముల దాకా తూగుతాయి. కాబట్టి పాల విషయంలో లీటరన్నా, కిలో అన్నా ముంచుకుపోయేదేమీ లేదు. నూటికి మూడు పాళ్ళు తేడా. మా వైపు పాడి రైతులకు పాలకేంద్రంలో డబ్బు లెక్కగట్టేటప్పుడు లీటర్లతో పాటు వెన్న శాతం, వెన్నగాక మిగిలిన ఘనపదార్థాల శాతం చూస్తారు. అక్కడ కొలతను నమ్మినా నష్టం లేదు. అదే నమ్మకాన్ని ఐస్‌క్రీము దగ్గరికి మోసుకొస్తేనే చిక్కు.

ఐస్‌క్రీము అనేది గడ్డకట్టిన పాలు కాదు, గడ్డకట్టిన నురగ. పాలు, మీగడ, చక్కెర, పాలపొడి కలిపి కాచి, చల్లార్చిన చిక్కటి ద్రవాన్ని 'మిక్సు' అంటారు. ఇది లీటరుకు సుమారు 1,100 గ్రాములు తూగుతుంది. దీన్ని చల్లటి గొట్టంలాంటి పాత్రలో వేసి, లోపల తెడ్లు తిప్పుతూ గడ్డ కట్టిస్తారు. తెడ్లు గోడకంటిన మంచు పొరను గీకుతూనే గాలిని కూడా లోపలికి కొట్టి కలుపుతాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో గాలిని పంపుతో కొలిచి మరీ పంపిస్తారు. ఆ గాలి కంటికి కనిపించనంత చిన్న బుడగలుగా చిక్కుకుపోతుంది. లీటరు మిక్సు పోస్తే రెండు లీటర్ల ఐస్‌క్రీము బయటికొస్తుంది. ఇలా పెరిగిన ఘనపరిమాణాన్ని శాతంలో చెప్పే మాట 'ఓవర్‌రన్'. లీటరు రెండు లీటర్లయితే ఓవర్‌రన్ 100 శాతం. లీటరు లీటరున్నరయితే 50 శాతం.

గాలి కలపడం మోసమని అనుకోకూడదు. గాలే లేకుంటే అది ఇటుకలా బిగుసుకుని స్కూపుకే లొంగదు. నాలుక మీద పెడితే జిల్లుమని పళ్ళు లాగుతాయి. మెత్తదనం ఇచ్చేది గాలే. అయితే ఎంత గాలి అన్నదే ప్రశ్న. అందుకే చట్టం ఒక హద్దు గీసింది. మన ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ప్రమాణం ప్రకారం మామూలు ఐస్‌క్రీములో పాల వెన్న 10 శాతానికి, మొత్తం ఘనపదార్థాలు 36 శాతానికి తగ్గకూడదు. లీటరు ఐస్‌క్రీము కనీసం 525 గ్రాములు తూగాలి. అమెరికాలో ఈ హద్దు గ్యాలనుకు నాలుగున్నర పౌన్లు, అంటే లీటరుకు 540 గ్రాములు. మన హద్దును ఓవర్‌రన్‌లోకి మార్చి చూడండి: 1,100ను 525తో భాగిస్తే 2.1 వస్తుంది. అంటే ఓవర్‌రన్ 110 శాతం దాకా పోవచ్చు. డబ్బాలో సగం కన్నా కొంచెం ఎక్కువే గాలి ఉన్నా అది చట్టానికి లోబడిన సరుకే!

మా ఇంట్లో ఈ సంగతి చెబితే మా అవ్వకు ఏమాత్రం ఆశ్చర్యం కలగలేదు. "చెనక్కాయల మూటను చూసి పప్పు లెక్కేస్తారా ఎవురైనా? పొట్టు తీసి తూస్తేనే కదా తెలిసేది," అనింది. ఆమె కాలంలో వడ్లు పడితో కొలిచేవాళ్ళు. పడిని వదులుగా నింపితే ఒక లెక్క, నేలకు తట్టి కుదిస్తే ఒక లెక్క, పైన కుప్ప కట్టి పోస్తే ఇంకో లెక్క. కొలిచే చెయ్యి ఎవరిదో చూసుకుని గాని బేరం ఆడేవాళ్ళు కాదట. ఐస్‌క్రీము స్కూపుకూ సరిగ్గా ఈ మూడు గుణాలూ ఉన్నాయి. అది కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందు కాలరీల లెక్క చూద్దాం. మామూలు వెనిల్లా మిక్సు 100 గ్రాములు తీసుకుందాం. అందులో వెన్న 10 గ్రాములు, మాంసకృత్తులు 4 గ్రాములు, చక్కెర, పాలలోని లాక్టోజు కలిపి పిండిపదార్థాలు 22 గ్రాములు అనుకుందాం. వెన్న గ్రాముకు 9, మిగిలిన రెండూ గ్రాముకు 4 కిలోకాలరీల చొప్పున ఇస్తాయి. 90, 16, 88 కలిపితే 194. గాలికి కాలరీల్లేవు, బరువూ దాదాపు లేదు. కాబట్టి ఎంత గాలి కొట్టినా 100 గ్రాములకు ఈ 194 మారదు. మారేదల్లా ఒక స్కూపులో ఎన్ని గ్రాములు పడతాయన్నదే.

60 మి.లీ. పట్టే స్కూపు తీసుకుంటే, ఓవర్‌రన్ 100 శాతం ఉన్న ఐస్‌క్రీము అందులో 33 గ్రాములు పడుతుంది. అంటే 64 కిలోకాలరీలు. అదే మిక్సుకు 50 శాతమే గాలి కొట్టి ఉంటే 44 గ్రాములు పడుతుంది, 85 కిలోకాలరీలు. ఒకటే పాలు, ఒకటే చక్కెర, ఒకటే స్కూపు. అయినా మూడో వంతు ఎక్కువ.

అసలు విశేషం ఖరీదైన రకాల దగ్గర ఉంది. వాటిలో వెన్న ఎక్కువ, గాలి తక్కువ. ఈ రెండూ ఒకే వైపుకు లాగుతాయి. వెన్న 16, మాంసకృత్తులు 4, పిండిపదార్థాలు 21 గ్రాములున్న మిక్సుకు 100 గ్రాముల లెక్కన 244 కిలోకాలరీలు వస్తాయి. పక్కనే ఉన్న మామూలు రకం 194తో పోలిస్తే నాలుగో వంతే ఎక్కువ గదా అనిపిస్తుంది. కానీ దీనికి గాలి 25 శాతమే కొట్టారనుకుందాం. అప్పుడు 60 మి.లీ. స్కూపులో సుమారు 53 గ్రాములు పడుతుంది. కాలరీలు 129! మామూలు స్కూపు 64కు ఇది రెండింతలు. తూకంలో నాలుగో వంతు తేడా కొలతలో రెట్టింపయింది. 'గ్రాములకు' అన్న పట్టికను చదివి 'స్కూపులు' లెక్కపెట్టేవారు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు.

అయితే బరువే సర్వస్వం అని కూడా తీర్మానించకండి. మా ఐరాల మండలంలోని కాణిపాకంలో వినాయక చవితి బ్రహ్మోత్సవాలప్పుడు పిల్లలు చీకే పుల్ల ఐసును చూడండి. అందులో గాలి కలపరు, కాబట్టి 60 మి.లీ. అంటే దాదాపు 60 గ్రాములే. కానీ అది చక్కెర నీళ్ళు. 15 శాతం చక్కెర ఉందనుకుంటే 9 గ్రాములు, అంటే 36 కిలోకాలరీలు. ఐస్‌క్రీము స్కూపు కంటే రెట్టింపుకు దగ్గరగా తూగి, దాని కాలరీల్లో సగమే ఇస్తుంది. కుల్ఫీ దీనికి ఎదురు. దాన్ని చిలకరు, అచ్చులో పోసి కదపకుండా గడ్డ కట్టిస్తారు. గాలీ లేదు, పాలు మరిగి చిక్కబడి ఉంటాయి. చిన్న కుల్ఫీ తింటే కడుపు నిండినట్టుంటుందని అందరూ అనేది ఉత్త మాట కాదు.

ఇప్పుడు పడి సంగతికి వద్దాం. సెలవుల్లో ఒక అరలీటరు వెనిల్లా డబ్బా తెచ్చి, వంటింటి కాటా మీద పెట్టాను. "ఏమిరా, తినే వస్తువుని తూకమేస్తా ఉండావు?" అని మా నాయన నవ్వినాడు. ఖాళీ డబ్బా బరువు పోగా 280 గ్రాములు తేలింది. అంటే లీటరుకు 560, ఓవర్‌రన్ 96 శాతం. చట్టం హద్దు లోపలే ఉంది. స్కూపులో అంచు దాకా నీళ్ళు పోసి కొలగొట్టంలోకి వంచితే 60 మి.లీ. వచ్చింది. ఈ లెక్కన స్కూపుకు 33 లేదా 34 గ్రాములు పడాలి. ఐదు స్కూపులు తీసి, ప్రతిదాన్నీ కత్తితో అంచుకు చదును చేసి తూస్తే సగటున 38 గ్రాములు వచ్చింది. ఎక్కువ ఎక్కణ్ణుంచి వచ్చింది? స్కూపును ఒత్తి లాగినప్పుడు నురగ నలిగి కొంత గాలి బయటికి పోతుంది. పడిని నేలకు తట్టినట్టే. ఆపైన దుకాణంలో పెట్టినట్టు చదును చేయకుండా, గుమ్మటంతో పాటు తీసి తూస్తే 47 గ్రాములు. కాలరీల్లో చెబితే, డబ్బా లెక్క ప్రకారం 65, చదును స్కూపుకు 74, కుప్ప స్కూపుకు 91. కొలత పేరు ఒకటే, 'ఒక స్కూపు'. స్కూపులతో అమ్మేవాళ్ళకు ఈ కిటుకు బాగా తెలుసు. 500ను 60తో భాగిస్తే డబ్బాకు 8 స్కూపులు దాటి రావాలి, 38 గ్రాముల చొప్పున తీస్తే 7 కాస్త దాటుతాయంతే.

కాటా లేనివాళ్ళకు ఇంకో దారి ఉంది. 100 మి.లీ. కప్పును గదిలో పూర్తిగా కరగనిచ్చి, నురగ విరిగేదాకా స్పూనుతో నెమ్మదిగా కలిపి, కొలగొట్టంలో పోయండి. 50 మి.లీ. దగ్గర నిలిస్తే ఓవర్‌రన్ 100 శాతం. 80 దగ్గర నిలిస్తే 25 శాతం. నురగ మిగిలి ఉంటే అంకె ఎక్కువ చూపుతుంది, కాబట్టి తొందరపడకూడదు. గింజలు, పండ్ల ముక్కలు వేసిన రకాలకు ఈ పరీక్ష పనికిరాదు. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన డబ్బాకు కూడా పనికిరాదు. అందులో గాలి ముందే పోయి, సరుకు డబ్బా అంచు నుంచి కిందికి కుంగి, నోట్లో ఇసుకలా తగులుతుంది. దాన్ని స్కూపుతో తీస్తే గట్టిగా, బరువుగా వస్తుంది. కాలరీలు కూడా స్కూపుకు ఎక్కువే.

మా ఫిజిక్సు మిత్రులు ఒక చమత్కారం చెబుతుంటారు. ఐస్‌క్రీము చల్లగా ఉంటుంది కదా, దాన్ని కరిగించి ఒంటి వేడికి తేవడానికే శరీరం కాలరీలు ఖర్చు పెడుతుంది, కాబట్టి లెక్క సరిపోతుందని! వేసి చూద్దాం. 33 గ్రాముల స్కూపులో నీరు సుమారు 20 గ్రాములు. అదంతా మంచేననుకున్నా, కరగడానికి గ్రాముకు 80 కాలరీల చొప్పున 1,600 కాలరీలు. మొత్తాన్ని 37 డిగ్రీలకు వేడెక్కించడానికి ఇంకో 1,200 వేసుకోండి. మొత్తం 3,000కు లోపే. కానీ ఇవి చిన్న కాలరీలు. ఆహారపు లెక్కలో వాడేది కిలోకాలరీ, చిన్నవి వెయ్యి కలిస్తే ఒకటి. కాబట్టి 64లో ఖర్చయ్యేది మూడు కూడా కాదు. అదైనా ఒంట్లో ఎలాగూ పుట్టే వేడిలోంచే పోతుంది.

డబ్బా వెనుక పట్టిక '100 గ్రాములకు' అని ఉంటే, మీరు తిన్న మి.లీ.ను ముందు గ్రాముల్లోకి మార్చండి. మామూలు రకానికి 0.55తో, గాలి తక్కువున్న బరువైన రకానికి 0.9తో గుణిస్తే సుమారుగా సరిపోతుంది. పట్టిక '100 మి.లీ.కు' అని ఉంటే మార్చనక్కర లేదు గానీ, దాన్ని పక్క డబ్బా మీది గ్రాముల అంకెతో పోల్చవద్దు. డబ్బా మీద బరువు కూడా వేసి ఉంటే మరీ మంచిది, ఆ గ్రాములను మి.లీ.తో భాగిస్తే పైన చెప్పిన 0.55కు బదులు ఆ డబ్బాకు సంబంధించిన అసలు అంకే దొరుకుతుంది.