ఇంటర్వ్యూ చివర్లో ఏం అడగాలి? టీమ్ తీరును బయటపెట్టే ప్రశ్నలివే

సూరత్: ఇంటర్వ్యూ ముగిసే సమయంలో ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’ అనగానే చాలామంది అభ్యర్థులు ‘ఏమీ లేదండీ’ అంటూ లేచి వచ్చేస్తారు. మరికొందరు ‘మీ దగ్గర పని వాతావరణం ఎలా ఉంటుంది?’ అని అడుగుతారు. ‘అందరం ఒక కుటుంబంలా ఉంటాం’ అన్న జవాబు వస్తుంది. అది నిజమో కాదో తేల్చుకునే ఆధారమేదీ అందులో ఉండదు.

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చిన అనేక కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. మగ్గాల షెడ్డులో చేరేవారికి యజమాని తీరు ఎలాంటిదో అక్కడ పనిచేసే బంధువులో, ఊరివారో ముందే చెప్పగలరు. తెలిసినవారెవరూ లేని కార్యాలయంలో ఉద్యోగం కోరే వారి పిల్లలకు ఆ వెసులుబాటు ఉండదు. వారికి ఆ సమాచారం రాబట్టుకునే అవకాశం ఇంటర్వ్యూలోని చివరి కొద్ది నిమిషాలే.

అభిప్రాయం కాదు, సంఘటన అడగాలి

ఒక చీరల వ్యాపార సంస్థలో ఆర్డర్లు సమన్వయం చేసే ఉద్యోగానికి ఒక యువతి ఇంటర్వ్యూకు వెళ్లిందనుకుందాం. సూరత్ వస్త్ర వ్యాపారంలో దీపావళికి ముందు రద్దీ తీవ్రంగా ఉంటుంది. పండుగ తర్వాత సాధారణంగా లాభ పంచమికి దుకాణాలు మళ్లీ తెరుచుకుంటాయి. కాబట్టి ‘పని ఒత్తిడి ఎక్కువా?’ అని అడగడం కన్నా, ‘కిందటి దీపావళికి ముందు నెలలో మీ టీమ్ సాయంత్రం ఎన్ని గంటలకు ఇంటికి వెళ్లేది?’ అని అడగడం మేలు. మొదటి ప్రశ్నకు అభిప్రాయం చెబితే సరిపోతుంది. రెండోదానికి జవాబివ్వాలంటే జరిగినది గుర్తుచేసుకోవాలి.

అదే వరుసలో ‘అద్దకం మిల్లు నుంచి సరుకు ఆలస్యమై ఆర్డరు తప్పిన సందర్భం ఈ మధ్య ఏదైనా ఉందా? అప్పుడు ఏం చేశారు?’ అని అడగవచ్చు. ‘మిల్లు ఆలస్యాన్ని మేం రెండు రోజులు గమనించలేదు. అప్పటి నుంచి రోజూ ఉదయం ఫోన్ చేసి సరుకు ఎక్కడుందో రాసిపెడుతున్నాం’ అన్నది ఒక రకం జవాబు. ‘ఆ పని చూసే అబ్బాయి నిర్లక్ష్యం. ఇప్పుడు అతను లేడు’ అన్నది మరో రకం. మొదటి టీమ్ పద్ధతిని మార్చుకుంది, రెండోది మనిషిని మార్చింది. ‘మా దగ్గర అలాంటివి జరగవు’ అన్నది మూడో రకం. పొరపాట్లను బయటకు చెప్పుకునే అలవాటు అక్కడ ఉందా అన్న అనుమానానికి అది తావిస్తుంది.

ఈ అనుమానానికి పరిశోధనల్లోనూ ఆధారం ఉంది. హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలపై అధ్యయనం చేశారు. మెరుగైన బృందాల్లోనే మందుల విషయంలో ఎక్కువ పొరపాట్లు నమోదైనట్లు ఆమె గమనించారు. ఆ బృందాలు పొరపాట్లను దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణం కావచ్చని ఆమె వివరించారు.

అడగదగినవి మరో రెండు ఉన్నాయి. ‘ఈ స్థానంలో ఇంతకుముందు ఉన్నవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు?’ అన్నది ఒకటి. పదోన్నతి వచ్చిందా, ఏడాదిలో ముగ్గురు మారారా అన్నది దీంతో తెలుస్తుంది. ‘టీమ్ సమావేశాలు గుజరాతీలో జరుగుతాయా, హిందీలోనా?’ అన్నది రెండోది. నిర్ణయాలు తనకు అర్థమయ్యే భాషలో జరుగుతాయో లేదో తెలుగు అభ్యర్థి ముందే తెలుసుకోవడం అవసరం.

వీటికి దూరంగా ఉండాలి

సంస్థ వెబ్‌సైట్‌లో దొరికే వివరాలు అడిగితే ఏమీ చదవకుండా వచ్చారని అర్థమవుతుంది. ‘ఇక్కడ రాజకీయాలు ఉంటాయా?’ వంటి అవును–కాదు ప్రశ్నలకు ‘కాదు’ అన్న జవాబే వస్తుంది. ‘ఉద్యోగులు ఎందుకు మానేస్తున్నారు?’ అన్నది ఆరోపణలా వినిపించి ఎదుటివారిని జాగ్రత్తపడేలా చేస్తుంది. జీతం, సెలవుల గురించి అడగడం తప్పు కాదు. అయితే పని నైపుణ్యం పరీక్షించే అధికారిని కాకుండా, వాటిపై నిర్ణయం తీసుకునేవారిని, ఉద్యోగం ఒప్పుకోకముందే అడగాలి. యజమానే స్వయంగా ఇంటర్వ్యూ చేసే చిన్న సంస్థల్లో ఆ తేడా ఉండదు, అక్కడే అడిగేయాలి.

ఒక్క జవాబుతో తీర్పు చెప్పడమూ సరికాదు. కొత్తగా చేరిన అధికారికి పాత సంగతులు తెలియకపోవచ్చు. ఖాతాదారుల వివరాలు చెప్పే అనుమతి ఉండకపోవచ్చు. అందుకే వీలైతే అధికారిని అడిగిన ప్రశ్ననే టీమ్‌లోని మరొకరినీ అడగాలి. ఏడు గంటలకే వెళ్లేవాళ్లమని అధికారి, పది దాటేదని సహోద్యోగి చెబితే, అభ్యర్థికి కావలసిన జవాబు ఆ తేడాలోనే ఉంటుంది.